జూనియర్ డ్రాఫ్ట్స్‌మన్ పోస్టుకి కవర్ లెటర్: క్యాడ్ గురించి ఏం రాస్తే ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాప్ వాళ్లు పిలుస్తారు?

అనంత_గీత
డిప్లొమా మెకానికల్ ఈ ఏడాదే పూర్తయింది. బెంగళూరులో దాసరహళ్లి దగ్గర రూమ్‌లో ఉంటున్నా. పీణ్యలో ఒక ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాప్ వాళ్లకి జూనియర్ డ్రాఫ్ట్స్‌మన్ కావాలట. లేజర్ కటింగ్, బెండింగ్, వెల్డింగ్ మూడూ వాళ్ల షెడ్డులోనే ఉన్నాయి. లెటరూ రెజ్యూమే మెయిల్ చేయమన్నారు. ఇదే లెటర్ ఇంతకుముందు ఆరు చోట్లకి పంపాను, ఒక్క ఫోనూ రాలేదు. రాసింది ఇంగ్లీషులోనే, ఇక్కడ తెలుగులో పెడుతున్నా. ఎక్కడ తప్పుందో చెప్పండి.

"గౌరవనీయులైన సర్, మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో జూనియర్ డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. నేను డిప్లొమా మెకానికల్ ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్, కాటియా, క్రియో సాఫ్ట్‌వేర్లలో నాకు మంచి ప్రావీణ్యం ఉంది. టూడీ, త్రీడీ డ్రాయింగులు, షీట్ మెటల్ ఫ్లాట్ ప్యాటర్న్ తయారు చేయగలను. కష్టపడి పనిచేసే స్వభావం, త్వరగా నేర్చుకునే గుణం ఉన్నాయి. ఒక్క అవకాశం ఇస్తే సంస్థ అభివృద్ధికి కృషి చేస్తాను."

మాధవి_నియామకాలు
సబ్జెక్ట్ లైన్‌లో పోస్టు పేరు, డిప్లొమా, ఊరు ఉండాలి. మెయిల్ తెరవకముందే ఎవరు దేనికి రాశారో తెలియాలి. లెటర్ ఒక పేజీ దాటకూడదు, నీది దాటలేదు. సాఫ్ట్‌వేర్ పేర్లు ఇంకో రెండు ఉన్నా చేర్చు. రెజ్యూమెలు వెతికేటప్పుడు ఆ పేర్లతోనే వెతుకుతారు.

గీతల_గోపాలం
మాధవిగారు చెప్పిన సబ్జెక్ట్ లైన్ సంగతి సరైనదే. సాఫ్ట్‌వేర్ పేర్ల సంగతి మాత్రం ఈ ఉద్యోగానికి పనికిరాదు. ఇలాంటి షాపులో మెయిల్ చూసేది ఓనరో, ప్రొడక్షన్ చూసుకునే మనిషో. వాళ్ల దగ్గర ఆటోక్యాడ్ ఒకటి, మహా అయితే సాలిడ్‌వర్క్స్ ఒకటి ఉంటాయి. నాలుగు పేర్లు వరసగా కనబడితే "కోర్సు చేశాడు, పని చేయలేదు" అనుకుంటారు. నీ లెటర్‌లో ఆ షాపుకి పనికొచ్చే మాట ఒక్కటే ఉంది. అదేమో త్రీడీ తర్వాత, కష్టపడే స్వభావానికి ముందు ఇరుక్కుపోయింది.

అనంత_గీత
ఏ మాట అన్నా?

గీతల_గోపాలం
ఫ్లాట్ ప్యాటర్న్. బెండింగ్ ఉన్న షాపుకి కావలసింది అదే. దేనికి చేశావు, ఏ మందం, ఎన్ని బెండ్లు? అది రాయి.

సివిల్_శీను
ప్లాన్ అప్రూవల్ డ్రాయింగులు వచ్చని రాయి తమ్ముడూ. నేను చేరినప్పుడు అదే అడిగారు. సెట్‌బ్యాకులు, పార్కింగు లెక్క, సెక్షన్, ఎలివేషన్ ఒకే షీటు మీద పెట్టి ప్రింటు తీసి పట్టుకెళ్లా.

లత_డిజైన్
శీనూ, ఇది బిల్డింగ్ డ్రాయింగు కాదు, రేకుల పని. కానీ ప్రింటు పట్టుకెళ్లడం ఇక్కడా పనికొస్తుంది. ఒక్క షీటు, నీ చేత్తో గీసింది, లెటర్‌తో పాటు పీడీఎఫ్‌గా పంపు.

అనంత_గీత
ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో మోటారు పట్టుకునే బ్రాకెట్ గీశాను. 2 మి.మీ. ఎంఎస్ షీటు, యూ ఆకారం. బయటి కొలతల్లో బేస్ 60, రెండు కాళ్లు చెరో 40, వెడల్పు 50. బేస్‌లో ఫ్రేముకి బిగించడానికి నాలుగు 9 మి.మీ. రంధ్రాలు, కాళ్లలో మోటారుకి. సాలిడ్‌వర్క్స్‌లో మోడల్ చేసి, ఆటోక్యాడ్‌లో డ్రాయింగు పెట్టా. దీని గురించి రాయొచ్చా?

బెండింగ్_బాబాయ్
రాయొచ్చు. ముందు ఒకటి చెప్పు. బ్లాంక్, అంటే వంచకముందు కోసే చదును రేకు, పొడవు ఎంత ఇచ్చావు?

అనంత_గీత
40+60+40, మొత్తం 140.

బెండింగ్_బాబాయ్
అయితే ఆ లెటర్ ఇంకా పంపకు. ఫ్లాట్ ప్యాటర్న్ వచ్చని చదివిన మనిషి ఇంటర్వ్యూలో మొదట అడిగేది ఇదే ప్రశ్న. 140 అన్నావంటే అక్కడితో ఆగిపోతుంది.

బయటి కొలతలు కూడితే వచ్చేది బ్లాంక్ కాదు. మూల దగ్గర రేకు గుండ్రంగా తిరుగుతుంది. నువ్వు బయటి మూల వరకు రెండు వైపుల నుంచీ కొలిచావు కాబట్టి అక్కడ లేని రేకుని కూడా లెక్కలో వేశావు. 2 మి.మీ. షీటులో ఒక్కో బెండుకి అది ఇంచుమించు మూడున్నర మి.మీ. ఉంటుంది. నీకు రెండు బెండ్లు, అంటే 7 మి.మీ. ఎక్కువ. బెండింగ్ మెషిన్ వాడు బేస్ 60 సరిగ్గా వచ్చేలా వంచితే కాళ్లు చెరో 43.5 వస్తాయి. కాళ్లు 40కి పెట్టి వంచితే బేస్ 67 అవుతుంది. ఎలా చూసినా మోటారు రంధ్రాలు కలవవు.

అనంత_గీత
మా ప్రాజెక్టులో కాళ్లు పొడుగొచ్చాయని గ్రైండర్‌తో కోశాం. కారణం ఇదన్నమాట. మరి సాలిడ్‌వర్క్స్‌లో ఫ్లాటెన్ నొక్కితే సరైన పొడవు వస్తుంది కదా, అది వాడొచ్చా?

బెండింగ్_బాబాయ్
వాడొచ్చు. కానీ అది నువ్వు పెట్టిన రేడియస్, కే ఫ్యాక్టర్ చూసే లెక్క వేస్తుంది. వంపులో సాగకుండా, నలగకుండా ఉండే న్యూట్రల్ లైన్ లోపలి వైపు నుంచి మందంలో ఎన్నో వంతులో ఉందో చెప్పేదే కే. ఆ రెండూ షాపులోని మెషిన్‌తో కలవకపోతే సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకె కూడా తప్పే. ముందు చేత్తో ఒకసారి వేసి చూడు. లోపలి రేడియస్ 2, మందం 2, కే 0.44 అనుకుందాం.

```
BA = (π/180) × 90 × (R + K×T)
   = 1.5708 × (2 + 0.44×2) = 4.52
```

ఇది ఒక్క బెండులో వంపు తిరిగిన రేకు పొడవు. ఇక నిటారుగా ఉన్న ముక్కలు. ప్రతి మూల దగ్గర మందం 2, రేడియస్ 2 కలిపి 4 తీసేయాలి. కాలికి ఒక మూలే కాబట్టి 36 మిగులుతుంది. బేస్‌కి రెండు మూలలు, అక్కడ 52.

```
36 + 52 + 36 + 2×4.52 = 133.04
```

అంటే బ్లాంక్ 133. నువ్వు ఇచ్చింది 140.

రేకుల_రమణ
ఇంత లెక్క దేనికి బాబాయ్? కే 0.33 పెడితే ఎక్కడైనా చెల్లుతుంది. న్యూట్రల్ లైన్ లోపలి వైపు నుంచి మూడో వంతులో ఉంటుంది, అంతే.

బెండింగ్_బాబాయ్
రేడియస్ మందం కన్నా తక్కువగా, బిగువుగా వంచినప్పుడు 0.33 దగ్గరగా వస్తుంది రమణా. మన షాపుల్లో ఎక్కువగా చేసేది ఎయిర్ బెండింగ్, పంచ్ రేకుని డై అడుగుదాకా నొక్కదు. అక్కడ రేడియస్ మందమంత, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ వస్తుంది. కే కూడా పెరుగుతుంది. ఇదే బ్రాకెట్‌కి 0.33 వేస్తే 132.36 వస్తుంది. సాలిడ్‌వర్క్స్ తనంతట తాను పెట్టుకునే 0.5 వదిలేస్తే 133.42. రెండింటికీ తేడా ఇంచుమించు 1 మి.మీ. ఒక్క బ్రాకెట్‌కి సర్దుకోవచ్చేమో. ఆరు బెండ్లున్న ప్యానెల్ తలుపుకైతే అదే తేడా 3 మి.మీ. దాటుతుంది, తలుపు ఫ్రేములో పట్టదు.

రేకుల_రమణ
మా దగ్గర 0.33తోనే నడుస్తోంది. రిజెక్షన్ రాలేదు.

గీతల_గోపాలం
మీ డై, మీ పంచ్‌కి అది సరిపోతూ ఉండొచ్చు. దాన్ని వేరే షాపుకి పట్టుకెళ్తేనే చిక్కు. ఈ అబ్బాయి లెటర్‌లో 0.44 అనీ రాయకూడదు, 0.33 అనీ రాయకూడదు. మీ మెషిన్‌కి ఎంతో అడిగి పెడతానని రాస్తే చాలు.

అనంత_గీత
షాపు వాళ్లకే తమ కే ఎంతో తెలియకపోతే?

బెండింగ్_బాబాయ్
చాలాచోట్ల తెలియదు. అప్పుడు ముక్క వంచి చూడాలి. అదే మందం షీటులో లేజర్ మీద 100 పొడవు, 50 వెడల్పు ముక్క కోయించు. షియరింగ్ మీద కోస్తే అంచు వంగి బర్రు లేస్తుంది, కొలత నమ్మలేం. వంచకముందు వర్నియర్‌తో పొడవు సరిగ్గా 100 ఉందో లేదో చూడు, 99.9 ఉంటే అదే రాసుకో. ఇంచుమించు మధ్యలో 90కి వంచు. మూలమట్టం పెట్టి కోణం చూడు. వెలుతురు కనబడితే స్ప్రింగ్‌బ్యాక్‌తో తెరుచుకుందని అర్థం, ఇంకొంచెం నొక్కాలి. తర్వాత రెండు కాళ్లూ బయటి వైపు కొలిచి కూడు. 103.5 వచ్చిందనుకో, అందులోంచి 100 తీసేస్తే 3.5. ఆ షీటుకి, ఆ డైకి ఒక్కో బెండుకి తగ్గించాల్సింది అదే. కే ఎంత అని వెతుక్కునే పనే ఉండదు.

రెండు కాళ్లూ సమానంగా రావాల్సిన అవసరం లేదు, మొత్తమే ముఖ్యం.

లత_డిజైన్
బాబాయ్ చెప్పిన "ఆ డైకి" అన్న మాట గుర్తు పెట్టుకో తమ్ముడూ. 2 మి.మీ. షీటుకి మామూలుగా 16 వీ డై వాడతారు, మందానికి ఎనిమిది రెట్లు. ఎయిర్ బెండింగ్‌లో లోపలి రేడియస్‌ని ఎక్కువగా నిర్ణయించేది ఆ వీ వెడల్పే. మైల్డ్ స్టీల్‌కి వెడల్పులో ఆరో వంతు దగ్గర వస్తుంది, అంటే ఇక్కడ రెండున్నర. నీ డ్రాయింగులో 2 రాసినంత మాత్రాన మెషిన్ 2 ఇవ్వదు. ఆపరేటర్ ఆ రోజు 20 వీ బిగించి ఉంటే రేడియస్ ఇంకా పెరుగుతుంది, నీ బ్లాంకూ మారాలి. అందుకే డ్రాయింగు నోట్‌లో ఏ వీ డైకి లెక్క వేశావో రాయి.

అనంత_గీత
ఇది కాలేజీలో ఎవరూ చెప్పలేదక్కా. సరే, బ్లాంక్ సరిచేస్తా. డ్రాయింగు పీడీఎఫ్ పెడుతున్నా, ఇంకేం చూడాలి?

వెల్డర్_వీర
బేస్‌లోని రంధ్రాలు చూశా. కాలి బయటి వైపు నుంచి సెంటర్ 10 ఇచ్చావు. ఎం8 బోల్టు తల మూల నుంచి మూలకి ఇంచుమించు 15 ఉంటుంది, సగం 7.5. కాలి మందం 2 పోగా సెంటర్‌కి గోడకి మధ్య మిగిలేది 8. అందులో 7.5 తలే ఆక్రమిస్తే స్పానర్ ఎక్కడ పెడతావు? పైగా లోపలి మూల గుండ్రంగా ఉంటుంది కాబట్టి తల దాని మీదకెక్కి కూర్చుంటుంది. బోల్టు బిగించినా సరిగ్గా ఆనదు.

బెండింగ్_బాబాయ్
వీర మంచి చోట పట్టాడు. వంచేటప్పుడూ అక్కడ చిక్కే. రంధ్రం అంచు బయటి వైపు నుంచి 5.5 దగ్గరుంది, బెండు 4 దాకా ఉంది. మధ్యలో ఒకటిన్నర మి.మీ. రేకు. డై గాడిలో ఆ రంధ్రం సాగి కోడిగుడ్డులా అవుతుంది. బెండు ఆగిన చోటు నుంచి రంధ్రం అంచుకి కనీసం మందానికి రెండున్నర రెట్లు వదలాలి. 2 మి.మీ.కి 5. సెంటర్‌ని 16కి జరుపు. అప్పుడు మధ్యలో ఏడున్నర ఉంటుంది, స్పానరూ తిరుగుతుంది.

అనంత_గీత
16కి జరిపితే రెండు రంధ్రాల మధ్య 28 మిగులుతుంది. ఫ్రేములో స్లాట్లు ఉన్నాయి కాబట్టి సరిపోతుంది. ఫ్లాట్‌లో ఈ రంధ్రాలు ఎక్కడ పడతాయి?

గీతల_గోపాలం
బెండుకి 3.5 తగ్గుతుందనుకుని చెప్తా. ఆ 3.5లో సగం, 1.75, ప్రతి వైపు నుంచీ పోతుంది. బ్లాంక్ అంచు నుంచి బెండు గీత 40 లోంచి 1.75 తీస్తే 38.25 దగ్గర. బెండు గీత నుంచి రంధ్రం 16 లోంచి 1.75 తీస్తే 14.25. రెండూ కలిపి అంచు నుంచి 52.5. ఇటు 52.5, మధ్యలో 28, అటు 52.5, మొత్తం 133. సరిపోయిందంటే లెక్క తప్పలేదన్నమాట. ఈ కూడిక నీ డ్రాయింగు మీద ఎవరైనా వేసి చూస్తారు.

పీణ్య_లేజర్
డ్రాయింగు గురించి అందరూ చెప్పారు. లేజర్‌కి వెళ్లేది డీఎక్స్ఎఫ్. జూనియర్ డ్రాఫ్ట్స్‌మన్ చేరిన మొదటి వారంలో చేసే పని ఇదే, తప్పులు కూడా ఇందులోనే ఎక్కువ.

అన్నిటికన్నా ఖరీదైన తప్పు బెండు గీతని కటింగ్ గీతలతో ఒకే లేయర్‌లో వదిలేయడం. ప్రోగ్రాం చేసేవాడు గమనించకపోతే లేజర్ ఆ గీత వెంట కోసేస్తుంది. బ్రాకెట్ బదులు మూడు ముక్కలు చేతికొస్తాయి. బెండు గీతకి వేరే లేయర్ పెట్టు, లేదా కటింగ్ ఫైల్‌లోంచి తీసేసి పీడీఎఫ్‌లో మాత్రమే ఉంచు.

రెండోది ఒకదాని మీద ఒకటి పడిన గీతలు. కంటికి ఒక్కటిగానే కనబడతాయి. మెషిన్ మాత్రం రెండుసార్లు కోస్తుంది, రెండోసారికి అంచు కరిగి పాడవుతుంది. `OVERKILL` కొడితే పోతాయి. ఆ తర్వాత `PEDIT`లో జాయిన్ చేసి, ప్రాపర్టీస్‌లో Closed ఎదురుగా Yes ఉందో లేదో చూడు. బయటి గీత ఎక్కడైనా వెంట్రుకవాసి తెరిచి ఉన్నా షీటు మీద ముక్కలు అమర్చే నెస్టింగ్ సాఫ్ట్‌వేర్ దాన్ని భాగంగా తీసుకోదు.

అనంత_గీత
యూనిట్ల సంగతి కూడా చెప్పండి అన్నా. ఒకసారి నా ఫైల్ వేరే సిస్టంలో చాలా చిన్నగా తెరుచుకుంది.

పీణ్య_లేజర్
మిల్లీమీటర్లకీ అంగుళాలకీ మధ్య గందరగోళం అది. 25.4 రెట్లు చిన్నగానో పెద్దగానో వస్తుంది. `INSUNITS` 4 అంటే మిల్లీమీటర్లు, అది పెట్టు. ఎప్పుడూ 1:1లో మోడల్ స్పేస్‌లోనే గీయి. సేవ్ చేశాక అదే డీఎక్స్ఎఫ్‌ని మళ్లీ తెరిచి `DIST`తో ఈ చివర నుంచి ఆ చివరకి కొలు. 133 రావాలి. ఈ ఒక్క అలవాటు ఉన్నవాళ్లకి ఫైల్ వెనక్కి రాదు.

ఫైల్ పేరు కూడా చూస్తారు. `Drawing1.dxf` అని పంపితే నెస్టింగ్ వాడు మందం కోసం నీకు ఫోన్ చేయాలి. ఇలా పెట్టు:

```
MB-01_MS_2mm_4nos.dxf
```

సివిల్_శీను
మా ఆఫీసులో ఫైనల్, ఫైనల్ 2, ఫైనల్ లేటెస్ట్ అని పెడతారు. ఏది చూడాలో ఎవరికీ తెలియదు.

పీణ్య_లేజర్
శీనన్నా, ఇక్కడ ఆ తప్పు చేస్తే రేకు తెగిపోతుంది, అతికించలేం.

అంబత్తూరు_అన్న
చెన్నైలోనూ ఇంతే. అంబత్తూరులో చిన్న ఫ్యాబ్రికేషన్ షాపుల్లో రాత పరీక్ష ఉండదు. వంచిన ముక్క ఒకటి, వర్నియర్ ఒకటి చేతిలో పెట్టి, కొలిచి గీయమంటారు. ఫస్ట్ యాంగిల్‌లో మూడు వ్యూలు, బ్లాంక్ సైజు. అందుకే డ్రాయింగులో ఫస్ట్ యాంగిల్ గుర్తు ఉందో లేదో చూసుకో. ఈ పీడీఎఫ్‌లో అది లేదు. పైగా టాప్ వ్యూ ఫ్రంట్ వ్యూకి పైన పెట్టావు, అది థర్డ్ యాంగిల్. మనకి టాప్ వ్యూ కిందికి రావాలి. సాలిడ్‌వర్క్స్ షీటు ప్రాపర్టీస్‌లో ఒక్క నొక్కుతో మారుతుంది. చూసుకోకపోతే కాళ్ల రంధ్రాలు అటుదిటు అవుతాయి.

అనంత_గీత
నిజమే, టెంప్లేట్ ఏది వస్తే అదే వాడేశా. మారుస్తా. ఇక లెటర్. డీఎక్స్ఎఫ్ కూడా మెయిల్‌కి జత చేయాలా, పీడీఎఫ్ ఒక్కటే చాలా?

మాధవి_నియామకాలు
పీడీఎఫ్ ఒక్కటే. ఓనరు మెయిల్ ఫోన్‌లో చూస్తాడు. డీఎక్స్ఎఫ్ అక్కడ తెరుచుకోదు, చిరాకు పడతాడు.

పీణ్య_లేజర్
నేనైతే రెండూ పంపమంటా. పీడీఎఫ్ అందంగా ఎవరైనా చేసివ్వొచ్చు. డీఎక్స్ఎఫ్ తెరిస్తే లేయర్లు, మూసిన గీతలు అన్నీ తెలిసిపోతాయి. పిల్లాడికి పని వచ్చో రాదో రెండు నిమిషాల్లో తేలుతుంది.

మాధవి_నియామకాలు
అది ఇంటర్వ్యూ రోజున పెన్‌డ్రైవ్‌లో చూపించొచ్చు.

పీణ్య_లేజర్
ఇంటర్వ్యూకి పిలవాలంటేనే ముందు చూడాలి కదండీ.

గీతల_గోపాలం
ఇద్దరి మాటా తీసేయలేం. తమ్ముడూ, నీకు తోచినట్టు చేయి. లెటర్‌లో మాత్రం జతపరిచిందేమిటో ఒక వాక్యంలో చెప్పు. లేకపోతే అటాచ్‌మెంట్ ఎవరూ తెరవరు. "ప్రావీణ్యం" అన్న మాట తీసేసి ఏం చేశావో రాయి. కాటియా, క్రియో రెజ్యూమెలో ఉంచు, లెటర్‌లోకి తేవద్దు. చేయనిది చేశానని కూడా రాయొద్దు. 140 తప్పు, 133 సరి అని ఇక్కడ తెలుసుకున్నావు. దాన్ని ప్రాజెక్టు సమయంలోనే చేసినట్టు రాస్తే రెండో ప్రశ్నకే దొరికిపోతావు.

అనంత_గీత
మళ్లీ రాశా, చూడండి.

సబ్జెక్ట్: జూనియర్ డ్రాఫ్ట్స్‌మన్ పోస్టు, డిప్లొమా మెకానికల్, దాసరహళ్లి

"సర్, మీ వర్క్‌షాప్‌లో జూనియర్ డ్రాఫ్ట్స్‌మన్ పోస్టుకి రాస్తున్నాను. మీ దగ్గర లేజర్ కటింగ్, బెండింగ్ రెండూ ఉన్నాయని చూశాను. షీట్ మెటల్ భాగాలకి డ్రాయింగు, బ్లాంక్ లెక్క, కటింగ్ ఫైలు సిద్ధం చేయగలను. డ్రాయింగులకి ఆటోక్యాడ్, మోడల్‌కి సాలిడ్‌వర్క్స్ వాడతాను.

దీనితో ఒక ఏ3 డ్రాయింగు జత చేశాను. 2 మి.మీ. ఎంఎస్ షీటులో రెండు బెండ్ల మోటారు బ్రాకెట్. కాలేజీ ప్రాజెక్టులో దీని బ్లాంక్ బయటి కొలతలు కూడి 140 అని తప్పు ఇచ్చాను, కాళ్లు పొడుగొచ్చాయి. తర్వాత బెండు లెక్క వేసి 133కి సరిచేశాను, బేస్ రంధ్రాలు బెండు నుంచి జరిపాను. లెక్క డ్రాయింగులోనే ఉంది. ఇది 16 వీ డైకి వేసింది, మీ మెషిన్‌లో వంచిన ముక్క కొలత చూసి మార్చగలను.

ఈ భాగం డీఎక్స్ఎఫ్ కూడా సిద్ధంగా ఉంది. కటింగ్ గీతలు, బెండు గీతలు వేర్వేరు లేయర్లలో ఉన్నాయి. ముక్క ఇచ్చి గీయమన్నా, ఏ రోజు రమ్మన్నా వస్తాను."

లత_డిజైన్
ఇప్పుడు చదివినవాడికి అడగడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. తప్పు చేసిన సంగతి ఉండనీ, అదే నమ్మకం కలిగిస్తుంది.

మాధవి_నియామకాలు
నాకు ఆ వాక్యం గురించి అనుమానంగానే ఉంది. ఉద్యోగం అడుగుతూ తప్పుతో మొదలెట్టడం ఏమిటని కొందరు అనుకుంటారు. తీసేసి 133 లెక్క మాత్రమే ఉంచితే?

బెండింగ్_బాబాయ్
షెడ్డులో పనిచేసేవాడికి ఆ వాక్యమే నచ్చుతుందమ్మా. 140 ఎందుకు తప్పో తెలిసిన పిల్లాడు మళ్లీ 140 ఇవ్వడు. కానీ ఒక్క మాట మార్చు తమ్ముడూ. "16 వీ డైకి వేసింది" అన్నావు. ముక్క వంచి చూశావా, నేను చెప్పిన 3.5 నే వాడేశావా?

అనంత_గీత
మీరు చెప్పిందే వాడా బాబాయ్.

బెండింగ్_బాబాయ్
అయితే అది నీ కొలత కాదు, ఉదాహరణకి నేను చెప్పిన అంకె. జాబ్ వర్క్ చేసే బెండింగ్ షాపులు పీణ్యలో వీధికొకటి ఉంటాయి. ఒక 2 మి.మీ. ముక్క కోయించుకుని అక్కడ వంచమని అడుగు. ఏ వీ డై బిగించి ఉందో కూడా అడిగి రాసుకో.

అనంత_గీత
నిన్న సాయంత్రం వెళ్లొచ్చా. ముక్క వంచకముందు 100.0 ఉంది. 16 వీ డై. మొదటిసారి వంచాక మూలమట్టం పెడితే వెలుతురు కనబడింది, ఆపరేటర్ ఇంకోసారి నొక్కాడు. బయటి కొలతలు ఒక వైపు 52.1, ఇంకో వైపు 51.5. మొత్తం 103.6. అంటే బెండుకి 3.6, బ్లాంక్ 132.8. డ్రాయింగు, డీఎక్స్ఎఫ్, లెటర్ మూడింటిలోనూ మార్చా.

రేకుల_రమణ
నా 0.33కి, బాబాయ్ 0.44కి మధ్యలో పడింది.

బెండింగ్_బాబాయ్
మధ్యలో పడిందని కే గురించి అప్పుడే ఏం తేల్చలేం రమణా. లోపలి రేడియస్ ఎంత వచ్చిందో తెలియాలి. రేడియస్ గేజి పెట్టి చూశావా తమ్ముడూ?

అనంత_గీత
గేజి దొరకలేదు. ముక్క దాచుకున్నా, ఇంటర్వ్యూకి పట్టుకెళ్తా. రంధ్రాలు కూడా మార్చా: బెండు గీత అంచు నుంచి 38.2, రంధ్రం 52.4. ఇటు 52.4, మధ్యలో 28, అటు 52.4 కూడితే 132.8 వచ్చింది. మెయిల్ ఇప్పుడే పంపా, పీడీఎఫ్ ఒక్కటే పెట్టి.